తలుపు బయట నిలబెట్టిన అమ్మమ్మల గురించి: నెల్లూరు జిల్లా స్కానింగ్ సెంటర్ల వైద్యులకు, వైద్య ఆరోగ్య అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నాది ఉదయగిరి వైపు మెట్ట ప్రాంతంలో ఒక పల్లె. నాకిప్పుడు అయిదు నెలల బిడ్డ ఉంది. స్కానింగ్‌కు తోడొచ్చిన పెద్దవాళ్లను చట్టం పేరు చెప్పి గది బయటే నిలబెడుతున్నారని ఇంతకు ముందు రెండుసార్లు అర్జీ రాసి ఇచ్చాను. మొదటిసారి కాగితం తీసుకుని పంపించేశారు. రెండోసారి "చట్టం ప్రకారమే చేస్తున్నారమ్మా" అని నోటిమాటగా చెప్పారు. ఆ చట్టంలో ఏముందో నేను చదివాను, చదివించుకున్నాను. అందుకే ఈసారి అందరికీ కనబడేలా రాస్తున్నాను.

ముందు ఆ రోజు జరిగింది చెప్పనివ్వండి. అది వింటే తప్ప నేను అడిగేది చిన్న విషయంగానే కనిపిస్తుంది.

నాకు ఇరవయ్యో వారం. బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ తీయించుకురమ్మని మా ఊరి ఏఎన్ఎమ్ అక్క చీటీ రాసిచ్చింది. నా భర్త చెన్నైలో పనిలో ఉన్నాడు. తోడు రావడానికి అమ్మ ఒక్కతే. అమ్మకు యాభై దాటాయి. ముగ్గురిని కన్నది, ఒక్కసారి కూడా స్కానింగ్ గది గడప తొక్కలేదు. తెల్లవారుజామున మొదటి బస్సెక్కి నెల్లూరులో దిగేసరికి ఎండెక్కింది. పొగతోట సందుల్లో బోర్డులు చూసుకుంటూ నడుస్తుంటే అమ్మ నా చెయ్యి వదల్లేదు. దారంతా ఒకటే ప్రశ్న. "ఆ మిషను వేడి బిడ్డకు తగలదా అమ్మణ్ణీ?"

సెంటర్లో ఆధార్ తీసుకున్నారు, ఫారం నింపారు. పేరు, వయసు, ఇంతకు ముందు పిల్లలెంతమంది, చివరి నెలసరి ఎప్పుడు, ఎవరు పంపారు. కింద నా సంతకం: కడుపులో ఉన్నది ఆడో మగో నేను తెలుసుకోదలచుకోలేదని. దాన్నే ఫారం ఎఫ్ అంటారని తర్వాత తెలిసింది. గోడ మీద తెలుగులో పెద్ద బోర్డు, ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదని. అమ్మకు చదువు రాదు. ఏం రాసుందని అడిగితే చదివి వినిపించాను. "మంచిదే" అంది.

రెండు గంటలు కూర్చున్నాక నా పేరు పిలిచారు. అమ్మ నాతోపాటు లేచింది. తలుపు దగ్గరున్న అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టి "పెద్దామె బయటే ఉండాలి, చట్టం ఒప్పుకోదు" అంది. అమ్మ మారు మాట్లాడలేదు. చట్టం అన్న మాట వింటే మా ఊళ్లో ఎవరూ మారు మాట్లాడరు. ఆ బోర్డు కిందే గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

లోపల డాక్టరమ్మ నిదానంగా చూశారు. తల, వెన్నుపూస, చేతులు, కాళ్లు కొలుచుకుంటూ పోయారు. గుండె దగ్గరికొచ్చేసరికి బిడ్డ వీపు పైకి పెట్టి పడుకుని ఉంది. అలా పడుకుంటే వెన్నెముక నీడ పడి గుండె గదులు తేటగా కనిపించవట. "కాస్త తిని, ఒక అరగంట అటూ ఇటూ నడిచి రామ్మా, అదే తిరుగుతుంది" అన్నారు. నేను బయటికి రాగానే అమ్మ మొహం మాడిపోయింది. మధ్యలో పంపారంటే ఏదో జరిగిందనుకుంది. ఎంత చెప్పినా నమ్మలేదు. నమ్మకపోవడానికి ఆమెకు కారణముంది.

నాకంటే ముందు అమ్మకు ఒక కాన్పు పోయింది. ఎనిమిదో నెల. రెండు రోజులుగా కదలిక లేదని చెప్తే ఇంట్లో పెద్దవాళ్లు "నిద్రపోతుందిలే" అన్నారు. మంత్రసాని పొట్ట మీద చెవి పెట్టి "ఉండాది, కొట్టుకుంటాంది" అంది. మూడో రోజు పుట్టిన బిడ్డ ఏడవలేదు. ఆ మంత్రసానికి వినిపించింది బిడ్డ గుండె కాకపోవచ్చు, అమ్మ సొంత రక్తనాళం కొట్టుకోవడమే కావచ్చు. ఇది నాకు స్కానింగ్ గదిలోనే అర్థమైంది. అమ్మకూ అక్కడే అర్థమైంది.

అరగంట తర్వాత మళ్లీ వెళ్లాను. ఈసారి గుండె నాలుగు గదులూ కనిపించాయి. డాక్టరమ్మ పరీక్ష ముగించి "బయట ఏడుస్తున్నది మీ అమ్మా?" అని అడిగారు. అవునన్నాను. ఆవిడే లేచి వెళ్లి పిలుచుకొచ్చారు.

పరీక్ష జరుగుతున్నంతసేపూ తెర డాక్టరు వైపే ఉంది. బిడ్డ ఛాతీ ఒక్కటే తెర మీద ఉండేలా చేసుకుని, అప్పుడు అమ్మ వైపు తిప్పారు. ఒక మీట నొక్కారు. గదంతా ఒక చప్పుడు.

అమ్మ నోట మాట రాలేదు. డాక్టరమ్మ ఆమె కుడిచెయ్యి పట్టుకుని నా మణికట్టు మీద పెట్టారు. "మీ అమ్మాయి నాడి చూడండి. చేతికి తగిలేదీ, చెవికి వినపడేదీ ఒకటేనా?"

అమ్మ కళ్లు మూసుకుంది. నా నాడి నిమిషానికి ఎనభై చిల్లర. తెర మీద 148 అని ఉంది. వేళ్ల కింద ఒకటి నిదానంగా, చెవుల్లో ఇంకొకటి దానికి రెండింతలకు కొంచెం తక్కువగా. కొంతసేపటికి అమ్మ కళ్లు తెరిచి "ఇది వేరే" అంది. మళ్లీ అంది. "ఇది దీనిది కాదు. ఇది వేరే ప్రాణం. మన బాయి కాడ ఇంజను పట్టుకున్నట్టుండాదే."

మా బావి ఎండి ఏళ్లయింది, ఆ ఇంజను అమ్మేసి కూడా చాలాకాలమైంది. అమ్మకు ఆ చప్పుడే గుర్తొచ్చింది.

"ఇంత జోరుగా కొట్టుకుంటే ఆడపిల్ల అంటారు, అదంతా ఉత్తిదే. గుండె వేగానికీ దానికీ సంబంధం లేదు. అది మాత్రం నన్ను అడగొద్దు" అన్నారు డాక్టరమ్మ. "నాకెందుకమ్మా అది? బతికుండాది, అంతే చాలు" అంది అమ్మ. వేడి గురించి కూడా అక్కడే అడిగేసింది. ఇది ఎక్స్‌రే కాదనీ, చెవికి అందని శబ్దమనీ, అవసరమైనప్పుడు అవసరమైనంత సేపే వాడతామనీ డాక్టరమ్మ చెప్పారు. మొత్తం కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ రెండు నిమిషాలు ఎందుకు పనికొచ్చాయో వినండి. ముప్పై అయిదో వారంలో ఒకరోజు పొద్దుట్నుంచి కదలిక తగ్గింది. నేను పట్టించుకోలేదు, అమ్మే అడిగింది. వెంటనే ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లింది. ఏఎన్ఎమ్ అక్క చిన్న డాప్లర్ యంత్రం పెట్టింది. చప్పుడు వినిపించింది. "ఉందిలే పెద్దమ్మా" అంది అక్క. అమ్మ అప్పటికే నా మణికట్టు పట్టుకుని ఉంది. "కాదమ్మా, ఇది దీని నాడితో కలిసే కొట్టుకుంటాంది. బిడ్డది ఇంకా జోరుగా ఉండాల" అంది. అక్క నొచ్చుకోలేదు, యంత్రాన్ని కిందికి జరిపి వెతికింది. ఎడమ పక్కన అసలు చప్పుడు దొరికింది, 140 దాకా. అంతటితో సరిపెట్టకుండా, గుండె కొట్టుకున్నా కదలిక తగ్గితే చూపించుకోవాల్సిందేనని అక్కే మమ్మల్ని పెద్దాసుపత్రికి పంపింది. అక్కడ ఇరవై నిమిషాలు బెల్టు కట్టి గుండె గీత తీశారు. గీత బాగానే ఉంది, ఉమ్మనీరు మాత్రం కొంచెం తగ్గిందని రెండు రోజులు ఉంచుకున్నారు. ముప్పై ఎనిమిదో వారంలో కాన్పయింది.

చదువు రాని మనిషి తల్లి చప్పుడునూ బిడ్డ చప్పుడునూ విడదీసి చెప్పగలిగింది. ఆమెకు అది నేర్పింది ఆ రెండు నిమిషాలే. ఆ రోజు నా కడుపులో బిడ్డ వీపు పైకి పెట్టి పడుకోకపోయినా, ఆ డాక్టరమ్మ మనసు కరగకపోయినా ఆమె బోర్డు కిందే నిలబడి, ఏమీ తెలియకుండా ఇంటికొచ్చేది. ముప్పై రెండో వారంలో ఎదుగుదల స్కాన్ కోసం ఇంకో సెంటర్‌కు వెళ్తే అక్కడ మళ్లీ బయటే నిలబెట్టారు. మళ్లీ చట్టం పేరే చెప్పారు. నా అర్జీలు అప్పుడు మొదలయ్యాయి.

ఇప్పుడు మా విన్నపాలు.

1. చట్టంలో లేనిదాన్ని చట్టం పేరుతో చెప్పడం ఆపించండి.

గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం 1994లో వచ్చింది, 2003లో సవరించారు. కడుపులో ఉన్నది ఆడో మగో గర్భిణికి గానీ, ఆమె బంధువులకు గానీ, ఇంకెవరికైనా గానీ మాటతో, సైగతో, మరే విధంగానూ తెలపకూడదని అది చెబుతుంది. చెప్పిన వైద్యులకు మొదటి తప్పుకు మూడేళ్ల దాకా జైలు, పది వేల దాకా జరిమానా. లింగం తెలుసుకోవడం కోసం స్కాన్ చేయించే బంధువులకు కూడా శిక్ష ఉంది. ఇదంతా సరైనదే, ఇంకా గట్టిగా అమలు కావాలని కోరుకునే ఆడదాన్ని నేను. కానీ తోడొచ్చిన తల్లిని గదిలోకి రానివ్వకూడదని గానీ, బిడ్డ గుండె చప్పుడు వినిపించకూడదని గానీ ఆ చట్టం చెప్పదు. గుండె చప్పుడులో ఆడ మగ తేడా తెలియదు.

మీ ఇబ్బంది నాకు తెలుసు. గది చిన్నది, బయట ముప్పై మంది ఎదురుచూస్తుంటారు, పరికరం కడుపు మీద తిరుగుతున్నప్పుడు చూపించకూడనిది తెర మీద కనపడొచ్చు. అవన్నీ న్యాయమైన కారణాలే. అలాంటప్పుడు "డాక్టరు గారు చూడటం అయ్యాక పిలుస్తాం, కాసేపు ఆగండి" అని చెప్పండి, మేం ఆగుతాం. చట్టం అని చెబితే మా పెద్దవాళ్లు భయపడతారు. ఆ గదిలో ఏదో తప్పు పని జరుగుతుందనుకుని కోడళ్లను అసలు పంపడమే మానేస్తారు. అధికారులు ఒక్క కాగితం రాసి ప్రతి సెంటర్‌కూ పంపండి: చట్టం ఏది వద్దంటుంది, ఏది వద్దనదు.

2. పరీక్ష ముగిశాక, గర్భిణి ఒప్పుకుంటే, ఇంటి మనిషి ఒకరిని పిలిచి కొన్ని క్షణాలు గుండె చప్పుడు వినిపించండి.

ఇది సరదా కోసం అడగడం లేదు. సరదా కోసం ఎంతసేపంటే అంతసేపు వినిపించమనడం తప్పని కూడా నాకు తెలుసు. వినపడేది నిజానికి గుండె లబ్ డబ్ కాదు. పరికరం పంపే శబ్దం సెకనుకు లక్షల సార్లు కంపిస్తుంది, అది మన చెవికి అందదు. కదులుతున్న గుండె గోడకో, పారుతున్న రక్తానికో తగిలి తిరిగొచ్చేటప్పుడు దాని కంపనంలో కొద్దిగా తేడా వస్తుంది. ఆ తేడా మన చెవికి అందేంత చిన్నది. యంత్రం దాన్నే చప్పుడుగా వినిపిస్తుంది. దీనికి మామూలు స్కాన్ కంటే ఎక్కువ శక్తి కావాలి కాబట్టి మొదటి మూడు నెలల్లో అవసరం లేకుండా వాడకూడదని వైద్యులే చెబుతారు. ఆ నెలల్లో వేగాన్ని తెర మీద గీతగా చూపించి లెక్కపెడతారు. కాబట్టి మొదటి నెలల్లో వచ్చినవాళ్లకు గీత చూపించండి, టిఫా నాడు చప్పుడు వినిపించండి. వినిపించేటప్పుడు ఆ పెద్దమనిషి చేతిని గర్భిణి నాడి మీద పెట్టండి. బిడ్డ గుండె మామూలుగా నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకుంటుందని ఒక్క మాట చెప్పండి. గుండె కొట్టుకుంటున్నంత మాత్రాన అన్నీ బాగున్నట్టు కాదనీ, కదలిక తగ్గితే వెంటనే రమ్మనీ ఇంకో మాట చెప్పండి. మా ఊళ్లో కొందరు చిన్న డాప్లర్లు కొని తెచ్చుకుని ఇంట్లోనే పెట్టుకుంటున్నారు. తల్లి నాడి విని బిడ్డదనుకుని ఊరుకునే ప్రమాదం వాటితోనే.

పరీక్షలో ఏదైనా తేడా కనిపిస్తే మాత్రం ఎవరినీ పిలవొద్దు. ముందు ఆ తల్లికి ఒక్కదానికే చెప్పండి. ఎవరికి చెప్పుకోవాలో ఆమె ఇష్టం.

3. రిపోర్టుతోపాటు తెలుగులో నాలుగు ముక్కలు రాసివ్వండి.

మా వీధిలో ఒకామెకు బీపీ ఉంది. టిఫా రిపోర్టు అంతా ఇంగ్లీషు. బయట కూర్చున్న అత్తకు కౌంటర్‌లో చెప్పింది ఒకే మాట, "నార్మల్". ఎనిమిదో నెలలో ఎదుగుదల స్కాన్ రాస్తే ఆ అత్త "నార్మల్ అన్నారు గదా, మళ్లీ రెండు వేలు దేనికి?" అని ఆపేసింది. ఆమెను తప్పు పట్టలేను. కూలి డబ్బులు, బస్సు చార్జీలు, ఒక రోజు పని పోవడం, అన్నీ ఆమె లెక్క చూసుకోవాలి. టిఫాలో అవయవాలు చూస్తారనీ, బిడ్డ బరువు పెరగడం ఆగిందా లేదా అన్నది తర్వాతి నెలల్లోనే తెలుస్తుందనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాన్పు నాడు బిడ్డ కిలో ఏడు వందలు. చాలా రోజులు ఐసీయూలో ఉంచాల్సి వచ్చింది.

కోడలు ఎప్పుడు ఆసుపత్రికి పోవాలో, ఏం తినాలో, ఐరన్ మాత్ర మింగాలో వద్దో మా ఇళ్లలో తేల్చేది ఈ పెద్దవాళ్లే. మీరు వాళ్లను తలుపు బయట ఉంచుతున్నారు. గుండె వేగం ఎంత, మాయ ఎక్కడుంది, ఉమ్మనీరు సరిపోతుందా, మళ్లీ ఏ వారంలో రావాలి, ఎందుకు రావాలి. ఇంతే రాసివ్వండి. ఒక రబ్బరు స్టాంపు చేయించి ఖాళీలు నింపినా చాలు.

4. టిఫాకు దూరం ఊళ్ల వాళ్లను వారాలు చూసి ముందు పిలవండి. ఆ స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య జరగాలి. "వచ్చే వారం రండి, డాక్టరు లేరు" అని రెండుసార్లు తిప్పితే ఇరవై నాలుగో వారం వచ్చేస్తుంది. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత 24 వారాలు దాటితే, బిడ్డకు తీవ్రమైన లోపం ఉన్నా మెడికల్ బోర్డు ఒప్పుకుంటేనే గర్భం తీయగలరు. నెల్లూరులో ఉన్నవాళ్లకు ఒక వారం ఆలస్యం అంటే ఒక వారమే. మాకు అది ఇంకో రోజు కూలి, ఇంకో తోడు, ఇంకో తెల్లవారుజాము బస్సు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు స్కానింగ్‌తో సహా పరీక్షలు ఉచితమని 2011 నుంచి జననీ శిశు సురక్ష పథకం చెబుతోంది. మిషనుంది కానీ తీసే డాక్టరు ఏ రోజుల్లో ఉంటారో మాకు తెలియదు, అది గేటు దగ్గర రాసిపెట్టండి. దానికి ఖర్చేమీ లేదు.

5. నీళ్లు తాగి ఆపుకుని కూర్చోమనే చోట మరుగుదొడ్డికి తాళం వేయకండి.

ప్రతి నెలా 9వ తేదీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరిగే రోజు. వచ్చే 9న మా వీధి నుంచి ఇద్దరు వస్తున్నారు. ఒకామెకు పంతొమ్మిదో వారం, ఇంకొకామెకు ముప్పై ఒకటో వారం. ఇద్దరికీ తోడుగా మా అమ్మే వస్తుంది, పిల్లను నాకు వదిలేసి. ఆ రోజు తలుపు దగ్గర ఆమెకు ఏం చెప్పబోతున్నారో ఆ లోపు రాతపూర్వకంగా తెలపండి. చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఉదయగిరి మెట్ట ప్రాంతం నుంచి
ఒక తల్లి